సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు హెచ్చరిక: అడగకపోతే చెప్పరు

తిరుపతి, చిత్తూరు వైపు తమిళనాడు రిజిస్ట్రేషన్ కార్లు చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. నేను తిరుపతిలోనే ఒకాయన దగ్గర 3,40,000 పెట్టి డీజిల్ కారు కొన్నాను. ఎన్‌ఓసీ ఉంది, ఫైనాన్స్ బాకీ లేదు. రేణిగుంట రోడ్డు మీద నడిపి చూస్తే ఇంజను మెత్తగా ఉంది. రెండు నెలలకు వైపర్లు వాటంతటవే తిరగడం, అద్దాలు దిగకపోవడం మొదలైంది. షెడ్డులో మెకానిక్ డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగాడు. రోజూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద ఎండిన ఒండ్రు చార. కార్పెట్ లేపితే సీటు బోల్టులు తుప్పు, వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము. చెన్నైలో 2023 డిసెంబర్ వరదల్లో మునిగిన బండి అది.

అమ్మినాయన్ని అడిగితే, "మీరు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు. ఒళ్లు మండింది. కానీ లాయరు చెప్పింది విన్నాక ఇంకా బాధేసింది. లాటిన్‌లో 'కేవియట్ ఎంప్టర్' అంటారట, కొనేవాడే చూసుకోవాలని అర్థం. మన 1930 సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ మూల సూత్రం కూడా అదే. బండ్ల వ్యాపారి దగ్గర కొంటే నాణ్యత విషయంలో కొంత రక్షణ ఉంటుంది. అదీ మనం పరీక్షించి చూసుకుంటే, ఆ చూపులో తెలియాల్సిన లోపాలకు వర్తించదు. సొంత బండి అమ్ముకునే మామూలు మనిషి దగ్గర ఆ రక్షణ కూడా ఉండదు.

మరి దాచిపెట్టడం మోసం కాదా? 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో దీనికి ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రానికి జబ్బని తెలిసీ వేలంలో ఏమీ మాట్లాడకుండా అమ్మితే అది మోసం కాదు. అదే కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా" అన్నాక కూడా అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం. నేను ఆ ఒక్క మాట అనలేదు.

అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందు వాట్సాప్‌లో రాయండి: "ఈ బండి నీళ్లలో మునగలేదని, పెద్ద యాక్సిడెంట్ కాలేదని నమ్మి కొంటున్నాను. కాదంటే ఇప్పుడే చెప్పండి." అబద్ధం చెబితే అది రాతపూర్వకంగా మీ చేతిలో ఉంటుంది. అలాగని మెసేజ్ పంపి ఊరుకోకండి. మామూలు జాగ్రత్తతో కనుక్కోగలిగేదాన్ని అవతలివాడు మౌనంగా దాచాడని చెప్పి ఒప్పందం రద్దు చేసుకోలేరని 19వ సెక్షన్ అంటుంది. బెల్టు లాగి చూడటానికి పది సెకన్లు చాలు. స్టెప్నీ తీసి కింద గుంతలో తుప్పు, మట్టి ఉన్నాయేమో చూడండి. కాగితం మీద "ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను" అని ఉంటే సంతకం పెట్టే ముందు ఆగండి.

మా బావమరిది పోయిన నెల చిత్తూరులో ఒక కారు చూసి ఇదే మెసేజ్ పంపాడు. అంతవరకూ రోజుకు మూడుసార్లు ఫోన్ చేసిన మనిషి రెండు రోజులు బదులివ్వలేదు. వాడు ఆ బండి వదిలేశాడు.