బ్యాలెన్సింగ్ వెయిట్లు: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

వారం విడిచి వారం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొస్తాను. కారుకు 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు. మొదటి ఏడాదిలో మూడుసార్లు ఇదే కథ: ముందురోజు దాకా సాఫీగా నడిచిన బండి, ఉన్నట్టుండి 90 దాటగానే స్టీరింగ్‌ని వణికించేది. చక్రం లోపలివైపు చూస్తే మురికి మధ్య చిన్న చతురస్రం శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది. చక్రం బరువు అన్నివైపులా సమంగా ఉండేందుకు అంటించిన వెయిట్ ముక్క ఊడిపోయిన గుర్తు అదే. 20 గ్రాములే కదా అనిపిస్తుంది కానీ, వంద వేగంలో ఆ లోటు చక్రాన్ని చుట్టుచుట్టుకీ సుమారు మూడు కిలోల బలంతో లాగుతుంది. చక్రం సెకనుకి 14 చుట్లు తిరుగుతుంది మరి.

మూడోసారి షాపులో పక్కనే నిలబడి చూశాను. కుర్రాడు రిమ్‌ని తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, పాత గమ్ పైనే కొత్త ముక్క అంటించేశాడు. బ్రేక్ పొడి మీద, తడి మీద, పాత జిగురు మీద ఏ టేపూ నిలవదు. ఆ తర్వాత నుంచి నేనే పాత గమ్ గీకించి, స్పిరిట్‌తో తుడిపించి, ఆరాక ముక్కని గట్టిగా అదిమి పట్టమంటున్నాను. ఒక రోజు ప్రెషర్ వాష్ మానేస్తాను. అప్పటినుంచి ఒక్కటీ ఊడలేదు. (ఇనుప రిమ్‌కి క్లిప్ వెయిట్లు వేసేటప్పుడు తీసిన క్లిప్‌నే మళ్లీ కొట్టనివ్వకండి, దానికి పట్టు వదిలిపోయి ఉంటుంది.)

అయినా కొద్దిపాటి వణుకు మిగిలింది. బ్యాలెన్సింగ్ మిషన్ మీద నాలుగు చక్రాలకీ తేడా సున్నాయే. ముందు ఎడమ చక్రాన్ని వెనక్కి మార్చి చూస్తే, వణుకు స్టీరింగ్ వదిలి సీట్లోకి వచ్చింది. అంటే తప్పు ఆ చక్రానిదే, సస్పెన్షన్‌ది కాదు. అప్పుడు రోడ్ ఫోర్స్ మిషన్ ఉన్న షాపు వెతుక్కుని వెళ్లాను. మామూలు మిషన్ చక్రాన్ని గాల్లో తిప్పి బరువు తేడా మాత్రమే చూస్తుంది. ఇందులో ఒక రోలర్ టైరుని బలంగా నొక్కుతూ, రోడ్డు మీద బరువు మోస్తున్నట్టే తిప్పుతుంది. టైరు ఒక చోట గట్టిగా, మరో చోట మెత్తగా ఉంటే ఆ తేడా బయటపడుతుంది. మిగతా మూడూ ఐదారు కిలోలు చూపిస్తే, ఇది 14.

రిమ్‌లో పల్లంగా ఉన్న చోటుకి టైరులో గట్టిగా ఉన్న చోటు వచ్చేలా టైరుని తిప్పి మళ్లీ ఎక్కించారు. రీడింగ్ 6కి దిగింది. తర్వాత మామూలు బ్యాలెన్సింగ్. ఏడాదిగా 110లో కూడా వణుకు లేదు.

అయితే ఇది అందరికీ పనిచేసే మందు కాదు. మా బావమరిది బండికి రిమ్ గుండ్రంగానే ఉంది, తేడా అంతా టైరులోనే. ఎంత తిప్పినా 18 దగ్గరే ఆగింది, చివరికి టైరే మార్చాడు. బ్రేకు నొక్కినప్పుడే వణుకుతుంటే మాత్రం ఈ మిషన్ జోలికి పోకుండా ముందు డిస్కులు చూపించుకోండి.