నెలాఖరు లెక్క: పాత బడ్జెట్‌తో పోల్చడం మేలా, తయారైన సరుకుతో పోల్చడం మేలా?

విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు నేను లెక్కలు చూస్తాను. పైపులను పట్టి నిలిపే ఇనుప బ్రాకెట్లు అక్కడ తయారవుతాయి. ఒక నెలాఖరున యజమాని సంతోషంగా ఫోను చేసి, "బడ్జెట్ కంటే ఇరవై ఏడు వేలు తక్కువ ఖర్చయిందండీ" అన్నారు. కాగితాలన్నీ ముందేసుకుని చూస్తే మిగిలింది ఏమీ లేదు సరికదా, ఇరవై నాలుగు వేలు అదనంగా పోయింది. రెండు అంకెల్లోనూ కూడికల తప్పు లేదు. దేనితో పోల్చామన్న దగ్గరే తేడా వచ్చింది.

అంకెలను కాస్త గుండ్రం చేసి చెబుతాను. నెలకు 1,000 బ్రాకెట్లు చేస్తామని బడ్జెట్ వేసుకున్నారు. ఒక్కోదానికి 6 కిలోల ప్లేటు, కిలో ₹60. ఒకటిన్నర గంట కూలీ, గంటకు ₹100. అంటే బ్రాకెట్‌కు ₹510, మొత్తం ₹5,10,000. నెల తిరిగేసరికి అయిన ఖర్చు ₹4,83,000. యజమాని ఈ రెండింటినే పోల్చారు. అయితే ఆ నెల తయారైనవి 900 మాత్రమే. వంద బ్రాకెట్లు చేయనందుకు తగ్గిన ఖర్చు పొదుపుగా కనిపించింది.

900 బ్రాకెట్లకు ఎంత కావాలో అదే ధరలతో మళ్ళీ లెక్క కడితే ₹4,59,000 వస్తుంది. ఖర్చు పెట్టింది ₹4,83,000. ఇదీ అసలు తేడా. పాత బడ్జెట్ పనికిరానిదని కాదు. నెల మొదట్లో బ్యాంకులో ఎంత డబ్బు ఉంచుకోవాలో, ఎంత ప్లేటు తెప్పించాలో చెప్పేది అదే. కానీ మేస్త్రీ పని ఎలా చేయించాడు, కొనుగోలు సరిగ్గా జరిగిందా అని అడగాల్సి వచ్చినప్పుడు తయారైన సరుకుకు సరిపడా మార్చిన బడ్జెట్‌తోనే పోల్చాలి. దీనిలో నాకు సందేహం లేదు.

ఇక్కడితో ఆపవచ్చా, ఇంకా విడగొట్టాలా అన్నది తర్వాతి ప్రశ్న. మార్చిన బడ్జెట్ ప్రకారం ప్లేటుకు ₹3,24,000 కావాలి, అయింది ₹3,27,600. తేడా ₹3,600 మాత్రమే. చాలామంది దీన్ని చూసి పేజీ తిప్పేస్తారు. ఈ షెడ్డులో జరిగిన కథ అంతా ఆ చిన్న అంకె కిందే దాగి ఉంది.

ఆ నెల ప్లేటు కిలో ₹56కే దొరికింది. వాడింది మాత్రం 5,400 కిలోలు కాదు, 5,850. వాడిన ప్రతి కిలో మీదా నాలుగు రూపాయలు కలిసివచ్చాయి. అదనంగా వాడిన 450 కిలోలకు బడ్జెట్ ధర ₹60 చొప్పున లెక్క కట్టాలి. కొన్న ధర కడితే కొనుగోలు చేసిన వారి గొప్పతనమో తప్పో షెడ్డులో పనిచేసే వారి ఖాతాలో పడుతుంది. కూలీకి వస్తే, 900 బ్రాకెట్లకు 1,350 గంటలు పట్టాలి, పట్టింది 1,480. గంటకు సగటున ₹105 పడింది. దాన్ని కూడా ఇలాగే విడగొడితే:

| తేడా | లెక్క | ఫలితం |
|---|---|---|
| ప్లేటు ధర | 5,850 × ₹4 | ₹23,400 లాభం |
| ప్లేటు వాడకం | 450 × ₹60 | ₹27,000 నష్టం |
| కూలీ రేటు | 1,480 × ₹5 | ₹7,400 నష్టం |
| కూలీ గంటలు | 130 × ₹100 | ₹13,000 నష్టం |

లాభం ఒక్క గడిలోనే ఉంది. మిగిలిన మూడింటికీ కారణం వెదుకుతూ వెళితే చివరికి ఆ గడి దగ్గరికే వస్తాం.

విశాఖ ఉక్కు కర్మాగారం ఊళ్ళోనే ఉన్నా, అక్కడ ప్రధానంగా తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్ళ వంటివే. ప్లేటు బయటి నుంచి రావాల్సిందే. ఆ నెల నిండు ప్లేట్లకు బదులు ఒక వ్యాపారి దగ్గర మిగిలిపోయిన రకరకాల కొలతల ముక్కలు తీసుకున్నారు. అందుకే నాలుగు రూపాయలు తగ్గాయి.

వాడకం పెరగడానికి మూడు కారణాలు ఉండవచ్చు: తుక్కు ఎక్కువ పోవడం, ప్లేటు అనుకున్నదానికంటే మందంగా ఉండడం, సరుకు మాయం కావడం. ఏదో తేల్చడానికి కాటా ఒక్కటి చాలు. 8 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకు 62.8 కిలోలు తూగాలి. ప్లేటు మందంగా ఉంటే పూర్తయిన బ్రాకెట్లు కూడా బరువెక్కుతాయి. మేస్త్రీ పది బ్రాకెట్లు కాటా మీద పేర్చాడు. సరిగ్గా 54 కిలోలు, అంటే ఒక్కోటి 5.4. ఎప్పుడూ తూగేది అంతే. అలా 900 బ్రాకెట్లలోకి 4,860 కిలోలు పోయాయి. తుక్కు అమ్మిన వేబ్రిడ్జి చీటీలు కలిపితే 990 కిలోలు. రెండూ కూడితే 5,850. ఒక్క కిలో కూడా మాయం కాలేదు. మామూలుగా పోవాల్సిన 540 కిలోలకు తోడు ఇంకో 450 కిలోలు తుక్కులోకి వెళ్ళాయి. ముక్కల కొలత బ్రాకెట్ కొలతకు కుదరక ప్రతిదాని అంచూ వృథా అయింది.

కూలీ సంగతి మేస్త్రీ ఒక ముక్క చేతికిచ్చి చెప్పాడు. సముద్రపు గాలికి ఆరుబయట పడి ఉన్న ఇనుము అది. వేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలింది, కింద సన్నని గుంటలు. "వెల్డింగ్‌కు ముందు ప్రతిదాన్నీ గ్రైండింగ్ చేయాల్సి వచ్చిందండీ" అన్నాడు. అదనపు 130 గంటల్లో ఆ పనికి, కోతకు కలిపి 90 గంటలు పోయాయి. మిగిలిన 40 గంటలు కరెంటు లేక కూర్చున్నవి. ఈ 40ని వేరు చేయకపోతే పనివాళ్ళు నెమ్మదించారన్న నింద అన్యాయంగా వాళ్ళ మీద పడుతుంది. గంటకు ఐదు రూపాయలు పెరిగింది కూడా కూలీ పెంచినందువల్ల కాదు. గడువు కోసం 74 గంటలు ఓవర్‌టైము చేశారు, దానికి రెట్టింపు ఇచ్చారు. ఆ అదనపు ₹7,400ను 1,480 గంటల మీద పరిస్తే వచ్చిన సగటే ఆ ఐదు రూపాయలు.

మరి చవక ప్లేటు నష్టమేనా? ధరలో కలిసివచ్చింది ₹23,400. అదనపు తుక్కు కిలో ₹30 చొప్పున అమ్మితే ₹13,500 వచ్చింది. తుక్కు డబ్బును ఈ లెక్కలో వేయడం చాలామంది మరచిపోతారు. మొత్తం ₹36,900. అటువైపు వాడకం ₹27,000, 90 గంటల కూలీ ₹9,000, కలిపి ₹36,000. ఇంతవరకు ₹900 లాభమే. కానీ ఓవర్‌టైములో సగం ఈ పని వల్లే అనుకున్నా ₹3,700 పోయి, ₹2,800 నష్టం తేలుతుంది. ఓవర్‌టైము మొత్తం ప్లేటు మీద వేయను, కరెంటు పోయిన గంటల వాటా కూడా అందులో ఉంది. గ్రైండింగ్ చక్రాల ఖర్చు ఇంకా కలపలేదు.

అందుకే నా సలహా ఇది. సరుకుకు సరిపడా మార్చిన బడ్జెట్ ప్రతి నెలా వేయాలి, దానికి అరగంట చాలు. విడగొట్టడం మాత్రం ప్లేటుకు, కూలీకి చాలు. బోల్టులు, రంగు, గ్యాసు వంటి వాటికి మొత్తం తేడా చూస్తే సరిపోతుంది. నెలజీతాల మీద మనుషులున్న చోట కూలీ లెక్కను జాగ్రత్తగా చదవాలి. సరుకు తగ్గినంత మాత్రాన అక్కడ జీతం తగ్గదు కాబట్టి, గంటల తేడా పని తీరును చెబుతుంది కానీ చేతి నుంచి పోయిన డబ్బును చెప్పదు. ఈ షెడ్డులో రోజుకూలీ కనుక రెండూ దగ్గరగా ఉన్నాయి.

గంటలు దేనికి పోయాయో రాసి లేకపోతే ఇదంతా ఊహే అయ్యేది. మేస్త్రీ గోడ మీది బోర్డుపై సుద్దముక్కతో కోత, గ్రైండింగ్, వెల్డింగ్, ఖాళీ అని నాలుగు గడులు గీసి రోజూ నింపుతాడు. సాయంత్రం దాన్ని ఫోటో తీసి నాకు పంపుతారు.