నష్టాన్ని 8 ఏళ్లు దాచుకోవచ్చన్నారు, నాది 30 రోజుల్లో పోయింది: నాలుగు రిటర్నుల తర్వాత నా సమీక్ష

గుంటూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం నాది. సాయంత్రాలు చార్టులు చూసే జబ్బు కూడా ఉంది. షేర్లలో వచ్చిన నష్టాన్ని రిటర్నులో చూపించి, తర్వాతి ఏళ్ల లాభంతో సర్దుకునే సౌకర్యాన్ని 2022 నుంచి నాలుగు రిటర్నుల్లో వాడుకున్నాను. మొదటి ఏడాది కనపడిన వాళ్లందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. ఇప్పుడు చెప్పేటప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను.

మా ఊళ్లో ధర లేనప్పుడు రైతు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. నష్టాన్ని క్యారీ ఫార్వర్డ్ చేయడం కూడా అలాంటిదే. లాభం వచ్చే ఏడాది దాకా నష్టాన్ని దాచి ఉంచుతాం. అయితే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లోపల పెట్టగానే సరిపోదు, రసీదు చేతికి రావాలి. నేను దెబ్బతిన్నది ఆ రసీదు దగ్గరే.

2021-22లో నాకు మూడు రకాల నష్టాలు వచ్చాయి. ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగులో 2,40,000, కొన్న రోజే అమ్మేసే ఇంట్రాడేలో 35,000, డెలివరీలో, అంటే ఖాతాలోకి తీసుకుని, ఏడాది లోపే అమ్మిన షేర్ల మీద 60,000. మూడూ ఒకే ట్రేడింగ్ ఖాతాలో వచ్చినా పన్ను చట్టం దృష్టిలో మూడు వేర్వేరు గదులు. ఎఫ్ అండ్ ఓ మామూలు వ్యాపారం కింద, ఇంట్రాడే స్పెక్యులేషన్ కింద, డెలివరీ మూలధన నష్టం కింద వస్తాయి. ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని జీతంలోంచి తగ్గిస్తారేమో అని ఆశపడ్డాను. కుదరదు. జీతం తప్ప మిగతా ఆదాయాల్లోంచి అదే ఏడాది తగ్గించుకోవచ్చు. నాకు 18,000 బ్యాంకు వడ్డీ ఉంటే దాన్ని తుడిచేసి, మిగిలిన 2,22,000 ముందుకు వెళ్లింది. దానికి 8 ఏళ్ల గడువు. డెలివరీ నష్టానికీ 8 ఏళ్లే. ఇంట్రాడేకి మాత్రం 4 ఏళ్లు, అదీ ఇంట్రాడే లాభంతోనే సర్దుకోవాలి.

ఇక అసలు గొడవ. 2022-23లో ఎఫ్ అండ్ ఓలో మళ్లీ 1,10,000 పోయింది. నష్టం ముందుకు వెళ్లాలంటే రిటర్ను గడువు లోపలే వేయాలని నాకు తెలుసు. అందుకే 2023 జూలై 31 దాకా ఆగకుండా 29నే బ్రాడీపేటలోని మా ఆడిటర్ ఆఫీసుకి వెళ్లి, వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు వేసే ITR-3 రిటర్ను వేయించాను. వాళ్ల కుర్రాడు "అయిపోయింది సార్, మీరిక నిశ్చింతగా ఉండండి" అన్నాడు. నిశ్చింతగానే ఉన్నాను.

సెప్టెంబరు వచ్చింది. కాలేజీలో కోసిన టీడీఎస్ రిఫండ్ మా స్టాఫ్ రూములో అందరికీ వచ్చింది, నాకు రాలేదు. పోర్టల్‌లో చూస్తే నా రిటర్ను పక్కన "Pending for e-verification" అని ఉంది. అప్‌లోడ్ అయింది కానీ వెరిఫై కాలేదు, అంటే ఆ రిటర్ను నాదేనని నేను ఆన్‌లైన్‌లో ధ్రువీకరించలేదు. నా ఆధార్‌కి పాత ఫోన్ నంబరు ఉండడంతో ఆ రోజు ఓటీపీ రాలేదట. "తర్వాత చేద్దాంలే" అనుకుని మర్చిపోయారు. సెప్టెంబరు 14న నెట్ బ్యాంకింగ్‌తో నేనే వెరిఫై చేశాను. రెండు నిమిషాల పని.

ఆలస్యమైనా వెరిఫై చేశాం కదా, జూలై 29 తేదీయే లెక్కలోకి వస్తుందనుకున్నాను. అంతకు ముందు ఏడాది అలాగే జరిగింది మరి. 2022 జూలై 24న వేసి అక్టోబరులో వెరిఫై చేసినా ఎవరూ ఏమీ అనలేదు. అప్పట్లో 120 రోజుల గడువు ఉండేది. 2022 ఆగస్టు 1 నుంచి వేసే రిటర్నులకి దాన్ని 30 రోజులకి కుదించారు. ఆ 30 రోజులు దాటితే, వెరిఫై చేసిన తేదీనే రిటర్ను వేసిన తేదీగా తీసుకుంటారు. అంటే నేను జూలై 29న కాదు, సెప్టెంబరు 14న రిటర్ను వేసినట్టు. మా ఆడిటర్‌కి పాత అలవాటు పోలేదు. నాకు కొత్త రూలు తెలియదు.

రిటర్నుని లెక్క చూశాక పన్ను శాఖ పంపే 143(1) ఇంటిమేషన్‌లో సంగతి బయటపడింది. ఆలస్య రుసుము 5,000 రిఫండ్‌లోంచి కోశారు. అది పెద్ద బాధ కాదు. ముందుకు వెళ్లాల్సిన ఆ ఏటి నష్టం దగ్గర మేము చూపించిన గడిలో 90,000, వాళ్లు లెక్కించిన గడిలో సున్నా. 20,000 ఎఫ్‌డీ వడ్డీతో అదే ఏడాది చేసిన సర్దుబాటుని మాత్రం ముట్టుకోలేదు. ఆలస్యమైతే పోయేది ముందుకు తీసుకెళ్లే హక్కే. 2021-22 నాటి 2,22,000 కూడా చెక్కుచెదరలేదు, ఆ ఏటి రిటర్ను సకాలంలో వేశాం కాబట్టి. ఆలస్యాన్ని మన్నించమని శాఖకి అర్జీ పెట్టుకునే దారి ఉందన్నారు. మర్చిపోయాం అన్న కారణానికి ఎవరు మన్నిస్తారని నేను ఆ జోలికి పోలేదు.

2023-24లో మార్కెట్ కరుణించింది. ఎఫ్ అండ్ ఓలో 1,50,000, ఇంట్రాడేలో 50,000, డెలివరీలో స్వల్పకాలిక లాభం 85,000. పాత 2,22,000 లోంచి 1,50,000 పోగా 72,000 మిగిలింది. పాత ఇంట్రాడే నష్టం 35,000 పోగా ఇంట్రాడే లాభం ఇంకా 15,000 ఉంది. ఇక్కడ నేను ఊహించని మేలు జరిగింది. ఎఫ్ అండ్ ఓ పాత నష్టాన్ని ఏ వ్యాపార లాభంతోనైనా సర్దుకోవచ్చు, ఇంట్రాడేతో సహా. ఆ 15,000 కూడా తుడుచుకుపోయి 57,000 మిగిలింది. తిరగేస్తే మాత్రం కుదరదు, ఇంట్రాడే నష్టం ఎఫ్ అండ్ ఓ వైపు రాదు. డెలివరీ గదిలో 60,000 పోగా 25,000 మీద 15 శాతం కట్టాను.

పోయిన 90,000 విలువ 2024-25లో తెలిసింది. ఎఫ్ అండ్ ఓ లాభం 1,30,000, మిగిలిన పాత నష్టం 57,000. తేడా 73,000 జీతంతో కలిసి 10 శాతం శ్లాబులో పడింది. సెస్సుతో 7,592 రూపాయలు. ఆ 90,000 ఉండి ఉంటే ఈ పన్ను ఉండేది కాదు, పైగా 17,000 మిగిలేది. రుసుముతో కలిపి 12,592. మా ఆవిడ దీన్ని ఇప్పటికీ "ఓటీపీ ఖర్చు" అంటుంది.

నాలాగా జీతం ఉండి, ఏడాది విడిచి ఏడాది లాభం చూసేవాళ్లకి ఈ సౌకర్యం పనికొచ్చింది. ఇంట్రాడేలో వరసగా పోగొట్టుకుంటున్న మా తమ్ముడికి 4 ఏళ్ల గడువు వల్ల ఒరిగేదేమీ కనిపించడం లేదు, వాడికి నేను గట్టిగా చెప్పలేను. ఆడిటర్‌ని నేను మార్చలేదు, మనిషి మంచివాడే. ఆధార్‌లో నంబరు మార్పించుకున్నాను. పోయినసారి వాళ్ల ఆఫీసులో కుర్చీలోంచి లేవకుండానే ఓటీపీ చెప్పి, వెరిఫై అయినట్టు స్క్రీన్ మీద చూసి, తర్వాతే టీ తాగాను.