వంతులా, ఒకరింటికా, ఉన్నచోటేనా?

గుంటూరు బ్రాడీపేటలో సొంత ఇల్లు. నాన్న రిటైరైన టీచరు, 79 ఏళ్ళు. మతిమరుపు మొదలై మూడేళ్ళయింది, డాక్టరు డిమెన్షియా అన్నారు. అమ్మకి 73, షుగరు, మోకాళ్ళ నొప్పులు. పెద్దకొడుకు విజయవాడ పటమటలో, కూతురు గుంటూరులోనే విద్యానగర్‌లో, చిన్నకొడుకు హైదరాబాదులో. మా దగ్గరి చుట్టాలు, అమ్మానాన్నలని ఎవరు ఎలా చూసుకోవాలో కూర్చుని తేల్చుకునేటప్పుడు నన్నూ పిలిచారు. ముగ్గురివి మూడు మాటలు. పెద్దవాడు వంతులన్నాడు. చిన్నవాడు ‘‘ఎవరో ఒకరు దగ్గర పెట్టుకోండి, డబ్బు నేను పంపుతాను’’ అన్నాడు. కూతురు మాత్రం వాళ్ళని ఆ ఇంట్లోంచి కదపొద్దంది.

వంతుల మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఏడాదికి పన్నెండు నెలలు, ముగ్గురు పిల్లలు, తలా నాలుగు నెలలు. ఎవరికీ ఎక్కువ కాదు, తక్కువ కాదు. తల్లిదండ్రులకి ఒంట్లో ఓపిక ఉండి, మనవలతో గడపాలని సరదా ఉన్న రోజుల్లో ఈ పద్ధతి బాగానే నడుస్తుంది. అలా నడిచిన ఇళ్ళు నాకు తెలుసు. జబ్బు వచ్చాకే ఇది తిరగబడుతుంది. ఇక్కడ పంచేది పిల్లల శ్రమే అయినా, కదిలేది మాత్రం జబ్బుమనిషి.

వీళ్ళ నాన్ననే తీసుకోండి. పోయిన వేసవిలో ఒక నెల పటమట ఫ్లాటులో ఉంచి చూశారు. బ్రాడీపేట ఇంట్లో మంచం దిగి ఎడమకి నాలుగడుగులు వేస్తే బాత్రూమ్. ముప్ఫై ఏళ్ళ అలవాటు, మెదడు మర్చిపోయినా కాళ్ళకి గుర్తుంది. ఫ్లాటులో ఎడమకి వెళితే బీరువా వస్తుంది. అర్ధరాత్రి లేచి బీరువా తలుపు లాగుతూ, అది రాక కంగారుపడి, ఉన్నచోటే బట్టలు తడుపుకునేవారు. కోడలు పాపం లైటు వేసి వచ్చేసరికి గోడ పట్టుకుని నిలబడి ‘‘ఇదెవరి ఇల్లమ్మా?’’ అని అడిగేవారు. రెండుసార్లు తూలారు, అదృష్టం కొద్దీ పడలేదు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆపరేషను, తర్వాత నెలల తరబడి మంచం. డిమెన్షియా ఉన్నవాళ్ళకి చోటు మారితే అయోమయం పెరుగుతుంది. నాలుగు నెలలకి కొత్తచోటు కాస్త అలవాటయ్యేసరికి ఇంకో ఇంటికి వంతు మారుతుంది.

ఇక మందులు. ఊరు మారితే డాక్టరు మారతాడు, డాక్టరు మారితే చీటీ మారుతుంది. అదే మందు రెండు కంపెనీ పేర్లతో రెండు చీటీల్లో ఉంటే రెండూ వేసేసే ప్రమాదం ఉంది. బీపీ మందు అలా రెట్టింపయితే, లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. వంతులే తప్పవనుకున్న ఇళ్ళలో మందు అసలు పేరు, మోతాదు రాసిన ఒకే కాగితం మనిషితోపాటు తిరగాలి.

వంతుల్లో మరీ ఘోరమైనది అమ్మనొకరు, నాన్ననొకరు పంచుకోవడం. పెద్దవాడు ఆ మాట కూడా ఒకసారి అన్నాడు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

రెండోది, ఒకరింట్లో ఉంచి మిగతావాళ్ళు డబ్బు ఇవ్వడం. దీనివల్ల చోటు, డాక్టరు స్థిరంగా ఉంటాయి కాబట్టి వంతుల కన్నా మేలే. కానీ ఒకరి దగ్గర అనగానే చాకిరీ అంతా ఆ ఇంటి ఆడమనిషి మీద పడుతుంది. పెద్దకొడుకు ఇంట్లో అయితే కోడలు, కూతురి ఇంట్లో అయితే కూతురు. డబ్బు పంపేవాడికి ఒకటో తారీఖుతో బాధ్యత తీరిపోతుంది. చూసేవాళ్ళకి తీరేదంటూ ఉండదు. పైగా వీళ్ళమ్మ ‘‘అల్లుడింట్లో ఎన్నాళ్ళుంటాం?’’ అంటుంది. కూతురి అత్తగారు కూడా ఆ ఇంట్లోనే ఉంటారు, ఆవిడా పెద్దావిడే.

ఈ పద్ధతికి ఆస్తి తోక ఒకటి. ‘‘ఎవరు చూసుకుంటే ఇల్లు వాళ్ళకి’’ అనే మాట ఇక్కడే పుడుతుంది. చిన్నవాడు అన్నదీ అదే, ఇల్లు అక్కయ్యకి రాసేద్దామని. మనసు మంచిదే, తొందరే మంచిది కాదు. గిఫ్టు సెటిల్‌మెంటు దస్తావేజు రిజిస్టరయితే ఇల్లు ఆ రోజే చేతులు మారినట్టు. తల్లిదండ్రుల సంక్షేమం కోసం 2007లో వచ్చిన కేంద్ర చట్టంలో 23వ సెక్షను ఉంది. పోషించాలన్న షరతుతో ఆస్తి రాయించుకుని ఆ తర్వాత చూడకపోతే, ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని ట్రిబ్యునల్‌ని అడగవచ్చు. కానీ ప్రేమతో రాసిస్తున్నానని మాత్రమే ఉండి షరతు ఎక్కడా లేకపోతే, ఆ సెక్షను కింద నిలబడటం కష్టమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కాబట్టి రాయాల్సే వస్తే పోషణ షరతూ, బతికున్నంతకాలం ఇద్దరూ ఆ ఇంట్లో ఉండే హక్కూ దస్తావేజులోనే కనబడాలి. నన్నడిగితే వీలునామా చాలు. ఇష్టం మారితే మార్చి రాసుకోవచ్చు, బతికున్నంతకాలం ఇల్లు వాళ్ళదే. కాకపోతే మతిమరుపు ముదిరిన మనిషి చేత ఏది రాయించినా రేపు కోర్టులో ప్రశ్న వస్తుంది. వీళ్ళ ఇల్లు అమ్మ పేరున ఉంది కాబట్టి ఆ చిక్కు తప్పింది.

మూడోది, ఉన్నచోటే ఉంచి మనిషిని పెట్టడం. అందరూ ‘‘అమ్మో, ఖర్చు’’ అన్నారు. అయితే కాగితం తీసి లెక్క వేద్దాం అన్నాను. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉండే అటెండెంటుకి, మగమనిషే కావాలి, నెలకి 14,000. మందులు 6,500. డయపర్లు 3,600. వారానికి మూడుసార్లు ఇంటికొచ్చే ఫిజియోథెరపీకి 4,800. ఇంటి సరుకులు, పాలు, కూరలు 10,000. కరెంటు, పనిమనిషి, చిల్లర ఖర్చులు 4,100. మొత్తం 43,000. నాన్న పెన్షను 34,000. పిల్లలు వేసుకోవాల్సింది నెలకి 9,000.

ఆ అంకె చూసి ముగ్గురూ కాసేపు మాట్లాడలేదు. మూడు నెలలుగా మాటా మాటా అనుకున్నది తొమ్మిది వేల గురించా అనిపించింది నాకు. కాదు, పని గురించి. పని సంగతి నోటితో అనలేక డబ్బు సంగతి మాట్లాడుకున్నారు.

డబ్బు వాటా తేల్చడం తేలికే అయింది. చిన్నవాడి జీతం పెద్దవాడికి సుమారు రెట్టింపు, కాబట్టి వాడు 6,000, పెద్దవాడు 3,000. కూతురు డబ్బు వేయదు, ఆమె వాటా పనిలో ఉంది. ఆసుపత్రి అవసరానికి కొడుకులిద్దరూ తలా 50,000 అమ్మ, కూతురు ఇద్దరి పేరునా ఉన్న ఖాతాలో ముందే వేశారు. ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగేలా ఖాతా తెరవడం ముఖ్యం. 70 దాటిన వాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం ఇస్తున్న అయిదు లక్షల ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. అటెండెంటు, డయపర్లు, నెలవారీ మందులు అందులోకి రావు. అసలు నెల నెలా ఇల్లు గుల్లయ్యేది వాటితోనే.

పని పంచడానికే పొద్దుపోయింది. అటెండెంటు సంక్రాంతికి ఊరెళితే ఎవరు? రాత్రి ఎనిమిది తర్వాత ఎవరు? అటెండెంటు రాకపోతే పొద్దున్నే వచ్చే ఫోను ఎవరికి? మూడింటికీ జవాబు కూతురే అయింది, ఎవరూ అనకుండానే. అప్పుడు ఆమె అంది: ‘‘అన్నయ్యా, నేను చెయ్యనని అనట్లేదు. కానీ శని, ఆదివారాలు నాకొద్దు. నువ్వు రా.’’ పటమట నుంచి గుంటూరుకి గంట, గంటన్నర. శనివారం రాత్రీ ఆదివారమూ పెద్దవాడివి అని రాసుకున్నారు. చిన్నవాడు మూడు నెలలకోసారి వారం సెలవు పెట్టి వచ్చి ఉండాలి, ఆ వారం అక్కయ్య ఆ వీధిలోకే రానక్కర్లేదు. మందులు తెప్పించడం, అటెండెంటుకి జీతం వేయడం, ఏటా పెన్షను కోసం ఇచ్చే జీవన ప్రమాణ పత్రం, బీమా కాగితాలు వాడి పనే. పత్రానికి నాన్న ఎదురుగా ఉండాలి కాబట్టి అది వచ్చిన వారంలో, మిగతావి హైదరాబాదు నుంచే అవుతాయి. రాత్రుళ్ళకి మంచం పక్కన కమోడ్ కుర్చీ, బాత్రూమ్ దాకా చిన్న లైటు, వీధి తలుపుకి పైన గడియ పెట్టించారు.

ఉన్నచోటే ఉంచడంలో లోటు లేదని కాదు. పొద్దు వాలేసరికి ఆ ఇంట్లో కూడా నాన్న ‘‘ఇక మా ఇంటికి పోదాం పద’’ అంటారు. జబ్బు గుణమది. అమ్మ ఆయనకి చెప్పులు తొడిగించి లైను చివరిదాకా నడిపించి వెనక్కి తీసుకొస్తుంది. గేటు చూడగానే ‘‘వచ్చేశాం’’ అంటారు. పటమటలో అలా ‘‘వచ్చేశాం’’ అనిపించే గేటు లేదు.

వృద్ధాశ్రమం మాట చిన్నవాడు మెల్లిగా కదిపాడు. దంపతులిద్దరికీ గది ఇచ్చి, డిమెన్షియా చూడగలిగే మనుషులున్నది దొరికితే అదేం పాపం కాదు. ఈ ఇంట్లో ఇప్పటికి దాని అవసరం లేదు.

వాటా వేయనని ఒకరు మొండికేస్తే ఏమిటని అడుగుతారు. 2007 చట్టం కింద సొంత ఆదాయంతో, ఆస్తితో గడవని తల్లిదండ్రులు ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. లాయరుతో పని లేదు, నెలకి పదివేల దాకా పోషణ ఖర్చు ఇప్పించగలరు. కూతురికీ కొడుక్కీ బాధ్యత సమానం. ‘‘కట్నం ఇచ్చి పంపేశాం’’ అన్న మాట గానీ, ‘‘నేను ఆడపిల్లని’’ అన్న మాట గానీ అక్కడ చెల్లవు. ఒక్కరి మీదే అర్జీ పడితే ఆ ఒక్కరు మిగతా తోబుట్టువులనీ అందులోకి చేర్చమని అడగవచ్చు. అయితే అక్కడ డబ్బు వాటా తేలుతుంది గానీ ఆదివారం ఎవరు రావాలన్నది తేలదు.

ఈ ఏర్పాటు నడుస్తోందో లేదో నాన్నని చూస్తే తెలియదు, అమ్మని చూడాలి. ఆవిడ షుగరు మాత్రల స్ట్రిప్పులో నెలాఖరుకి మాత్రలు మిగిలిపోతుంటే, తన మందు మర్చిపోయేంతగా అలిసిపోతోందన్నమాట. మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్షలో అంకె పెరిగినా ముందు అదే అనుమానించాలి. నాన్న నడుము కింద, మడమల దగ్గర నొక్కినా రంగు మారని ఎర్రమచ్చ కనిపిస్తే అటెండెంటు పక్కకి తిప్పట్లేదని అర్థం. అది పుండు కాకముందే పట్టుకోవాలి.

అమ్మకి చేతకాని రోజు వస్తే? అదీ రాసుకున్నారు. రాత్రికి రెండో మనిషి, అంటే ఇంకో 14,000 దాకా. అది చిన్నవాడు రెండు వంతులు, పెద్దవాడు ఒక వంతు. అప్పటికీ కుదరకపోతే ఇద్దరినీ కలిపే విద్యానగర్‌లో కూతురి ఇంటికి దగ్గరగా కింద అంతస్తు అద్దెకి తీసుకుని మార్చాలి, అదే డాక్టరు, అదే అటెండెంటు. బ్రాడీపేట ఇల్లు అద్దెకిస్తే వచ్చేది ఆ అద్దెకే పోతుంది. పెద్దవాడు సంతకం పెడుతూ ‘‘ఆదివారం పెళ్ళిళ్ళుంటే?’’ అన్నాడు. ‘‘వదినని పంపకు, శుక్రవారమే నాకు ఫోన్ చెయ్యి, మార్చుకుందాం’’ అంది చెల్లెలు.