చప్పరమూ, దాని వెనకాల ఇల్లూ: కలిసి కాపురం ఉండాలా అని అడిగే ఆరు కార్డుల స్ప్రెడ్‌పై నా అనుభవం

ఇద్దరు మనుషులు ఒకే ఇంట్లోకి మారాలా వద్దా అనే ప్రశ్న కోసం వేసే ఈ టారో స్ప్రెడ్‌ను, అంటే ఒక్కో స్థానానికి ఒక్కో అర్థం పెట్టుకుని జోస్యపు కార్డులు పరిచే పద్ధతిని, నేను 2021 నుంచి వాడుతున్నాను. ఒక స్నేహితురాలు నోటుపుస్తకంలోంచి చింపి ఇచ్చిన కాగితం మీద దీనికి ఐదు స్థానాలే ఉండేవి. ఒకటి నేను ఆ ఇంటికి తీసుకువెళ్లేది, రెండు అవతలివారు తీసుకువచ్చేది, మూడు ఇప్పుడే ఎందుకు మారాలనిపిస్తున్నది, నాలుగు ఆ ఇంట్లో మామూలు రోజు, ఐదు ఈ నిర్ణయంలో నేను చూడకుండా దాటేస్తున్నది. తిరుపతిలో ఏడాదిపాటు తెలిసినవాళ్లకు వేసిన తరువాత ఆరో స్థానాన్ని నేనే చేర్చుకున్నాను. గడప బయట ఉండి ఈ ఇంటి మీద హక్కో, ఆశో, అభ్యంతరమో పెట్టుకున్నవారి కోసం ఆ స్థానం. అది లేకుండా ఈ స్ప్రెడ్‌ను మన ఊళ్లలో వాడలేమని నా అభిప్రాయం. ఐదు కార్డులూ ఆ ఇద్దరి గురించే మాట్లాడతాయి. బాడుగ ఇల్లు చూపించేటప్పుడు ఓనరు మొదట అడిగేది మాత్రం ఆ ఇద్దరి గురించి కాదు, వాళ్ల పెద్దవాళ్ల గురించి.

నా దగ్గర ఉన్నది 1909లో లండన్‌లో మొదట అచ్చయిన రైడర్ డెక్ తరహా బొమ్మల కట్ట. పమేలా కోల్మన్ స్మిత్ గీసిన ఆ బొమ్మల్లో మొత్తం 78 కార్డులు ఉంటాయి. ఈ ప్రశ్నకు వచ్చే కార్డుల్లో అడిగినవారిని అందరికంటే ఎక్కువ సంతోషపెట్టేవి రెండు, ఫోర్ ఆఫ్ వాండ్స్, టెన్ ఆఫ్ పెంటకిల్స్. ఒకటి వేడుక, ఇంకొకటి ఇల్లూ ఆస్తీ కుటుంబమూ అని ఎవరైనా చెబుతారు. రెండూ కలిసి వస్తే ఇక అడగవలసిందేముంది, సామాను సర్దుకోమని చెప్పేయడమే అన్నట్టుంటుంది. ఆరు కార్డులు తీసినప్పుడు ఈ రెండూ అందులో ఉండే అవకాశం సుమారు 200 సార్లకు ఒకసారి మాత్రమే. నా నోటుపుస్తకంలో ఈ స్ప్రెడ్ వేసిన సందర్భాలు యాభై కూడా లేవు, అయినా ఒకసారి వచ్చాయి. ఈ స్ప్రెడ్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో నాకు బాగా తెలిసింది ఆ ఒక్క సాయంత్రమే కాబట్టి దాని గురించే వివరంగా రాస్తాను.

అడిగిన అమ్మాయి ఒక ల్యాబులో టెక్నీషియన్. ఆమెకు కాబోయే భర్త శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. నిశ్చితార్థం అయిపోయింది, పెళ్లికి ఇంకా ఐదు నెలలు ఉంది. భవానీ నగర్ వైపు రెండో అంతస్తులో ఒక పోర్షన్ నచ్చింది. బాడుగ 12,000, అడ్వాన్సు 60,000. మంచి ఇల్లు దొరికినప్పుడే చేరిపోదామని అతను, పెళ్లయ్యాక చేరదామని ఆమె. ఇద్దరూ కలిసే వచ్చారు. కార్డులు ఆమే కలిపింది. మొదటి కార్డును ఆమె, రెండో కార్డును అతను తిప్పారు, మిగిలినవి వంతులవారీగా తిప్పారు. మొదటి రెండు, నాలుగు, ఐదు స్థానాల్లో వచ్చిన కార్డుల గురించి చెప్పుకోదగినది పెద్దగా లేదు. మూడో స్థానంలో ఫోర్ ఆఫ్ వాండ్స్ తలకిందులుగా పడింది. ఆరో స్థానంలో టెన్ ఆఫ్ పెంటకిల్స్ నిటారుగా వచ్చింది.

"ఏంది అక్కా, ఇది తిరగబడిందే, చెడ్డదా?" అని ఆమె వెంటనే అడిగింది. తిరగబడిన ఫోర్ ఆఫ్ వాండ్స్ అంటే ఇంట్లో గొడవలనీ, ఆగిపోయిన పెళ్లనీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆ బొమ్మలు గీయించిన ఆర్థర్ వెయిట్ తాను రాసిన అర్థాలలో ఈ కార్డు తిరగబడినా అర్థం మారదని స్పష్టంగా చెప్పాడు. విశ్రాంతి, సామరస్యం, పంట ఇంటికి చేరినప్పటి సంతోషం, ఇవీ ఆయన దీనికి చెప్పినవి. కట్టలో చాలా కార్డులకు తలకిందుల అర్థం వేరుగా ఇచ్చిన మనిషి, ఈ ఒక్కదాన్ని అలాగే వదిలేశాడంటే దానిని పట్టించుకోవలసిందే. అందుకని తిరగబడిన సంగతిని పక్కన పెట్టి, బొమ్మనే చూడమని ఇద్దరికీ చెప్పాను.

ఆ బొమ్మను మన ప్రాంతంవారికి విడమరచి చెప్పవలసిన పనిలేదు. నాలుగు గుంజలు నాటి, వాటి పైభాగాన పూలదండ కట్టారు. అది చప్పరమే. దూరంగా ఇద్దరు స్త్రీలు పూలగుత్తులు పైకెత్తి నిలబడ్డారు. అయితే ఆ చప్పరానికి గోడలు లేవు, కప్పు లేదు, తలుపు లేదు. ఇల్లు వెనకాల, కందకం మీద ఉన్న వంతెన దాటిన తరువాత ఉంది. ఈ కార్డును ఇంటికి గుర్తుగా చదివేవారు వెనకనున్న కోటను చూస్తారు, పెళ్లికి గుర్తుగా చదివేవారు ముందున్న చప్పరాన్ని చూస్తారు, మధ్యలో ఉన్న వంతెనను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది పడింది మూడో స్థానంలో, అంటే ఇప్పుడే ఎందుకు అన్న చోట. నేను చదివినది ఇంతే: మీకు తొందర పుట్టిస్తున్నది ఇల్లు కాదు, చప్పరం. నిశ్చితార్థం ఉత్సాహం ఇంకా తగ్గలేదు, అందరూ అభినందిస్తున్నారు, ఆ ఊపులో టు-లెట్ బోర్డు కనిపించింది. అందులో తప్పు లేదు. కానీ చప్పరాన్ని వేసినవాళ్లే నాలుగు రోజుల తరువాత విప్పేస్తారు. అతను నవ్వి, ఫొటోలు తీసినవాడు ఇంకా ఆల్బమ్ కూడా ఇవ్వలేదన్నాడు.

టెన్ ఆఫ్ పెంటకిల్స్ దగ్గర ఇద్దరూ మెత్తబడ్డారు. పది నాణేలు, కమాను, దాని కింద ఒక జంట, వారి పక్కన ఒక పిల్లవాడు. చూడగానే అది వాళ్ల భవిష్యత్తు అనిపించడం సహజమే. అయితే కార్డులో ముందుభాగాన, అందరికంటే పెద్దగా కనిపించేది ఒక ముసలాయన. చిత్రమైన గుర్తులున్న అంగీ వేసుకుని కమాను ఇవతల కూర్చుని ఉంటాడు. ఆయన దగ్గరకు వచ్చినవి రెండు కుక్కలు, ఆ కుక్కల్లో ఒకదాని మీద చెయ్యేసి నిలబడినవాడు ఆ పిల్లవాడు. జంట మాత్రం తమ మాటల్లో తాము ఉంటారు. ఊరి ఇళ్లలో తిన్నె మీద కూర్చున్న తాత ఎలా ఉంటాడో సరిగ్గా అలాగే ఉంటుంది ఆ బొమ్మ. ఇల్లు ఆయనదే, కానీ ఇంటి సంగతులు ఆయన్ను దాటి లోపలికి వెళ్లిపోతుంటాయి.

ఆరో స్థానంలో ఈ కార్డు పడినప్పుడు మీకు సంపద వస్తుందని చదవడం స్థానాన్ని పారేసి కార్డును మాత్రం ఉంచుకోవడమే. ఇక్కడ నేను చేసే పరీక్ష ఒకటి ఉంది. రెండు కార్డుల చోట్లు మనసులో మార్చి మళ్లీ చదువుతాను. చదివిన మాట మారకపోతే నేను స్ప్రెడ్‌ను చదవడం లేదని, కార్డులకు కంఠస్థం చేసిన అర్థాలు అప్పజెబుతున్నానని అర్థం. ఆ సాయంత్రం మార్చి చూస్తే, టెన్ ఆఫ్ పెంటకిల్స్ మూడో చోట ఉంటే వీళ్లను తొందరపెట్టేది స్థిరాస్తి లెక్క అయ్యేది, ఫోర్ ఆఫ్ వాండ్స్ ఆరో చోట ఉంటే బయటివాళ్లకు కావలసింది వేడుక మాత్రమే, ఆ తరువాత ఎవరూ అడ్డురారు అని అయ్యేది. అది పూర్తిగా వేరే సలహా. కాబట్టి వచ్చిన క్రమానికి విలువ ఉందని నమ్మకం కలిగి, మీ ఇళ్లలో ఆ తిన్నె మీద కూర్చున్నది ఎవరు అని అడిగాను.

అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. చంద్రగిరి దగ్గర పల్లెలో వాళ్ల తాత ఉన్నాడని, కంటి ఆపరేషన్ తరువాత పరీక్షలకు తరచుగా తిరుపతి రావలసి ఉంటుందని, పట్నంలో మనవడు ఇల్లు తీసుకుంటే అక్కడే దిగుతానని ఆయన ఇంతకు ముందే అన్నాడని చెప్పాడు. ఆ మాట ఆమెకు అప్పటిదాకా తెలియదు. దాచిపెట్టాలని కాదు, దాన్ని అతను ఒక సంగతిగా అనుకోలేదు. పెళ్లికి ముందా తరువాతా అని వారాల తరబడి వాదించుకున్న ఇద్దరూ, ఆ ఇంట్లో ఉండబోయేది ఇద్దరు కాదని మొదటిసారి అక్కడ మాట్లాడుకున్నారు. ఆ ఆదివారం వాళ్లు పల్లెకు వెళ్లి తాతను అడిగారట. "వస్తా నాయనా, కానీ రెండు మిద్దెలు ఎక్కి దిగడం నా వల్ల కాదు" అన్నాడట ఆయన. భవానీ నగర్ ఇల్లు వదులుకున్నారు. పెళ్లయ్యాక, ఆషాఢం దాటనిచ్చి, వేరే వీధిలో కింది పోర్షన్‌లో చేరారు. బాడుగ 1,500 ఎక్కువ.

కార్డులకు తాత సంగతి ముందే తెలుసునని నేను చెప్పను. అలా చెప్పుకునేవాళ్ల మీద నాకు చిరాకు కూడా. ఆరో స్థానంలో ఏ కార్డు వచ్చినా బయట ఎవరున్నారన్న ప్రశ్న వచ్చేదే. టెన్ ఆఫ్ పెంటకిల్స్ చేసినదల్లా, ఆ ప్రశ్నను అత్తమామల ఒప్పుకోలు దగ్గర ఆపకుండా కూర్చున్న ఒక మనిషి దాకా తీసుకువెళ్లడమే.

ఇక లోపాలు. ఈ స్ప్రెడ్‌లో బలహీనమైనది రెండో స్థానం. ఒక్కరే వచ్చి అడిగినప్పుడు అవతలివారు తెచ్చేదేమిటో వాళ్ల అనుమానమే కార్డులోకి ఎక్కుతుంది. ఒకసారి ఒంటరిగా వచ్చిన ఒకాయనకు అక్కడ మామూలు కార్డే వచ్చింది. దాన్ని పట్టుకుని ఆమెకు డబ్బు మీదే ధ్యాస అని ఇంటికి వెళ్లి పోట్లాడాడు, ఆ తప్పులో నాకూ వాటా ఉంది. అప్పటి నుంచి ఇద్దరూ రాకపోతే రెండో చోట కార్డు వేయను, ఖాళీగా ఉంచుతాను. అద్దె ఒప్పందం ఎవరి పేరు మీద, విడిపోతే అడ్వాన్సు ఎవరిది అన్న విషయాలకు ఇందులో చోటే లేదు. అవి కాగితం మీద విడిగా రాసుకోవలసినవి. ఇంకొక ఇబ్బంది, నచ్చని జవాబు వస్తే మళ్లీ కలిపి వేయమంటారు. ఇల్లో, తేదీయో మారితే తప్ప అదే ప్రశ్నకు రెండోసారి వేయడం మానేశాను. మూడోసారికి అందరూ తమకు కావలసిన కార్డు వచ్చేదాకా ఆగుతున్నారని నోటుపుస్తకం చూస్తే తెలిసింది.

చేర్చిన ఆరో స్థానంతో, ఇద్దరి ఎదురుగా వేసినప్పుడు, గంటలోపు అయిపోయే ఈ స్ప్రెడ్‌ను ఇంకా వాడుతున్నాను. ఆ జంట వెళ్లిన తరువాత మారినది ఒకటే. ఆరో కార్డు తిప్పే ముందు, చూసివచ్చిన ఇంటికి మెట్లెన్ని అని అడుగుతున్నాను.