తొమ్మిది వోల్టులకు గాజు కదిలిందని నమ్మి 2,800 రూపాయలు పోగొట్టుకున్నాను, ఆ కెపాసిటర్ పెట్టెతో జాగ్రత్త

తిరుపతిలో బస్టాండు వైపు సందులో కాలేజీ ల్యాబులకు సామాను అమ్మే ఆ కొట్టు ఏదో మన లెక్చరర్లకు నేను పేరు చెప్పనక్కరలేదు. చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి, మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు చూపిద్దామని నా జేబులోంచి 2,800 రూపాయలు పోసి ఆ పెట్టెను కొన్నాను. నిలువుగా నిలబెట్టిన రెండు అల్యూమినియం పలకలు, వాటి మధ్య గాడిలో చిన్న చక్రాల మీద జరిగే గాజు బిళ్ల, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక స్విచ్చి, నాలుగు పేజీల కరపత్రం, ఇంతే సామాను. ఆవేశం ఎక్కించిన కెపాసిటర్‌లోకి రోధక బిళ్ల తనంతట తానే లాగబడడాన్ని కంటితో చూపించే పెట్టె ఇది అని వాళ్ల మాట.

కొట్టులో అది పనిచేసింది. నా బాధంతా అక్కడే ఉంది. కౌంటర్ కుర్రాడు స్విచ్చి వేసి, తీసి, ‘ఇప్పుడు బ్యాటరీ లేదు సార్, ఆవేశం మాత్రమే ఉంది’ అని వేలు తీయగానే గాజు మెల్లగా పలకల మధ్యకు జారిపోయింది. తరువాత అతడు ‘వెలుతురుకు తిప్పుతా ఉండా సార్, బాగా కనబడతాది’ అంటూ పెట్టెను సగం తిప్పి, దాని ఒక కాలు బిల్లు పుస్తకం అంచు మీదికి ఎక్కేటట్టు పెట్టాడు. స్విచ్చి వేసి ఉంచాడు. ఈసారి సగం లోపల ఉన్న గాజు బయటికి వచ్చింది. ‘బ్యాటరీ ఉంటే బయటికి, లేకుంటే లోపలికి, కరపత్రంలో లెక్క కూడా ఉండాది’ అన్నాడు. ఆ బిల్లు పుస్తకం నా కళ్ల ముందే ఉంది. నేను మాత్రం తలాడించి డబ్బు లెక్కపెట్టాను. ఏళ్ల తరబడి ఇదే పాఠం చెబుతున్న మహానుభావుణ్ణి కదా, గాజు వైపు చూశానే తప్ప పెట్టె కాళ్ల వైపు చూడలేదు.

ఇంటికి వచ్చి బల్ల మీద పెడితే గాజు కదల్లేదు. బ్యాటరీ మార్చాను, చక్రాలకు నూనె వేశాను, గాజును మెత్తని గుడ్డతో తుడిచాను, అయినా కదల్లేదు. చివరికి మా మేనల్లుడు ‘మామా, ఆయన పెట్టెను పుస్తకం మీద పెట్టినాడు కదా’ అన్నాడు. పెట్టె కింద ఒక నోటుబుక్కు పెడితే స్విచ్చి వేయకుండానే, బ్యాటరీ తీసి పక్కన పెట్టినా, గాజు హాయిగా జారింది. నాకు అప్పుడు కరపత్రం తెరవాలనిపించింది, తెరిచాక ఇంకా కోపం వచ్చింది.

కరపత్రంలోని తప్పు చిన్నది కాదు, పరీక్షల్లో పిల్లలు ఏటా చేసే తప్పు. పలకల పొడవు L, ఎత్తు b, మధ్య దూరం d అనుకుందాం. K రోధక స్థిరాంకం గల బిళ్ల x దూరం లోపలికి వెళ్లినప్పుడు, కెపాసిటర్ పక్కపక్కన కలిపిన రెండు కెపాసిటర్ల లాంటిదవుతుంది కనుక C = (ε₀b/d)[L + (K − 1)x] అని వస్తుంది. అంటే x పెరిగే కొద్దీ C సమానంగా పెరుగుతుంది, dC/dx = ε₀b(K − 1)/d. ఇక్కడివరకు కరపత్రం కూడా సరిగానే రాసింది. బ్యాటరీ తీసేసిన సందర్భంలో Q మారదు, U = Q²/2C, F = −dU/dx తీసుకుంటే F = (Q²/2C²)(dC/dx) వస్తుంది. అది లోపలికే లాగుతుంది. ఇదీ సరే.

తరువాత వాక్యంలో వాళ్లు బ్యాటరీ కలిపి ఉంచిన సందర్భానికి U = ½CV² అని రాసి, మళ్లీ అదే F = −dU/dx వాడి, గుర్తు రుణంగా వచ్చింది కనుక బిళ్ల బయటికి నెట్టబడుతుందని తేల్చేశారు. శక్తి లెక్క వేసేటప్పుడు వ్యవస్థలో ఎవరెవరు ఉన్నారో చూడకపోతే వచ్చే ఫలితం ఇదే. V స్థిరంగా ఉన్నప్పుడు C పెరిగితే పలకల మీదికి ఆవేశం బ్యాటరీ నుంచి రావాలి, ఆ ఆవేశం dQ = V dC. దాన్ని తోయడానికి బ్యాటరీ చేసే పని V dQ, అంటే V² dC. కెపాసిటర్‌లో పెరిగిన శక్తి మాత్రం ½V² dC. బ్యాటరీ ఇచ్చిన దానిలో సగం కెపాసిటర్‌లో నిల్వ అయింది, మిగిలిన సగమే బిళ్లను లాగిన పని. కాబట్టి F dx = V² dC − ½V² dC, అంటే F = ½V²(dC/dx), అదీ లోపలికే. Q = CV అని పెట్టి చూస్తే మొదటి సందర్భంలోని సూత్రం కూడా ఇదే. బిళ్లకు పైన బ్యాటరీ తగిలించి ఉందో లేదో తెలియదు. ఆ క్షణాన పలకల మీద ఉన్న ఆవేశమూ, వాటి మధ్య ఉన్న క్షేత్రమే దానికి తెలిసేవి. ఒకే V దగ్గర ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి వెళ్లమంటే అది ఎట్లా వెళుతుంది?

నా పెట్టె కొలతలతోనే లెక్క చూడండి. L 20 సెంటీమీటర్లు, b 10 సెంటీమీటర్లు, d 2 మిల్లీమీటర్లు, గాజుకు K సుమారు 5 అనుకున్నాను. గాజు ఖాళీ లేకుండా పట్టిందనుకుంటే, అది లేనప్పుడు C 88.5 పికోఫారడ్లు, పూర్తిగా లోపలికి వెళితే 442.5. తొమ్మిది కాదు, వెయ్యి వోల్టులే ఇచ్చి అలాగే ఉంచామనుకోండి. బిళ్ల పూర్తిగా లోపలికి వెళ్లేసరికి బ్యాటరీ చేసిన పని 354 మైక్రోజౌళ్లు, కెపాసిటర్‌లో పెరిగింది 177. బలం 0.885 మిల్లీన్యూటన్లు, 20 సెంటీమీటర్లకు అది చేసిన పని మళ్లీ 177. లెక్క పైసాతో సహా సరిపోయింది. అదే వెయ్యి వోల్టుల దగ్గర బ్యాటరీ తీసేస్తే మొదట్లో బలం అంతే ఉంటుంది కానీ, బిళ్ల లోపలికి వెళ్లే కొద్దీ V తగ్గుతుంది కనుక, సగం దారిలో అది తొమ్మిదో వంతుకు, చివరికి ఇరవై అయిదో వంతుకు పడిపోతుంది. తేడా బలం పరిమాణంలోనే ఉంది, దిశలో లేదు.

ఇక వాళ్ల తొమ్మిది వోల్టుల సంగతి. బలం V వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక 0.885 మిల్లీన్యూటన్లు కాస్తా 0.000072 మిల్లీన్యూటన్లవుతుంది, అంటే ఏడు మైక్రోగ్రాముల బరువు. గాజు బిళ్లను తూచాను, 90 గ్రాములుంది. దాని బరువు ఈ బలానికి సుమారు 1.2 కోట్ల రెట్లు! వెయ్యి వోల్టులు ఇచ్చినా ఆ బలం 20 సెంటీమీటర్లకు 0.2 మిల్లీమీటర్ల వాలుతో, అంటే బల్ల కింద ఒక వైపు రెండు కాగితాలు పెట్టిన వాలుతో సమానం. బిల్లు పుస్తకం ఎన్ని కాగితాలుంటుందో మీకే తెలుసు.

పైగా గాజు పలకలకు తగలకుండా కదలాలి కదా, రెండు వైపులా కలిపి 0.2 మిల్లీమీటర్ల గాలి పొర ఉంది. పెద్దగా లెక్కలోకి రాదనిపిస్తుంది కానీ, గాలీ గాజూ శ్రేణిలో ఉన్న రెండు కెపాసిటర్లయి, 5 ఉండవలసిన K దాదాపు 3.6 అయినట్టు పనిచేస్తుంది. కాలేజీ నుంచి కెపాసిటెన్స్ మీటరు తెచ్చి గాజును సెంటీమీటరు చొప్పున జరుపుతూ కొలిస్తే, సెంటీమీటరుకు 17.7 రావలసిన చోట 11 పికోఫారడ్ల దగ్గర పెరిగింది. అంచుల దగ్గర తప్ప గీత మాత్రం చక్కగా సరళరేఖే. నిజానికి ఆ పెట్టెకు నిజాయితీగా ఉండే ఉపయోగం ఇదొక్కటే, dC/dx కొలిచి బలాన్ని లెక్కగట్టవచ్చు. అంచుల దగ్గర గీత వంగడం కూడా ఊరికే కాదు. పలకల మధ్య క్షేత్రం గాజుకు అడ్డంగా ఉంటుంది, అది పక్కకు లాగలేదు, లాగేదంతా పలకల అంచున బయటికి ఉబ్బే వంకర క్షేత్రమే. శక్తి పద్ధతి గొప్పతనం ఆ వంకర క్షేత్రాన్ని ముట్టుకోకుండానే జవాబు ఇవ్వడం. అయితే బిళ్ల అంచు పలకల అంచుకు d పాటి దూరంలోకి వస్తే మాత్రం ఈ సూత్రం నమ్మదగినది కాదు.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని మళ్లీ తిరుపతి వెళ్లాను. యజమాని కాగితం వైపు చూడలేదు. ‘గాజు జారింది కదా సార్, మీ కళ్లతో మీరే చూసినారు. ఫోర్సు లేకుంటే ఎట్ల జారింది?’ అన్నాడు. బిల్లు పుస్తకం మాట ఎత్తితే, ఆ పుస్తకాన్నే తీసి నా ముందు పడేసి, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేసిన వరుస మీద వేలు పెట్టి, పక్కనున్న కుర్రాడితో ‘లెక్చరరంట, సూత్రం సరిజేసిపోవడానికి వచ్చినాడు’ అని నవ్వాడు. ఇద్దరు పిల్లల తండ్రులు అక్కడే నిలబడి అదే పెట్టె బేరమాడుతున్నారు. వాళ్లకు రెండు మాటలు చెప్పబోతే ‘మీ బేరం అయిపోయింది, బయటికి నడవండి’ అన్నాడు. నేను నడిచాను. రాని బస్సు కోసం బస్టాండులో గంటసేపు నిలబడి, బయటికి నెట్టబడిన వస్తువు ఆ పూట నేనొక్కడినే అనుకున్నాను.

ఇంకా ఎవరైనా ఆ పెట్టెను కొనాలనుకుంటే, డబ్బు ఇచ్చే ముందు దాన్ని బల్ల మీద ఉన్నచోటే సగం తిప్పి పెట్టమనండి. గాజు పలకల వైపుకు కాక, రెండుసార్లూ కొట్టులోని ఒకే గోడ వైపుకు జారితే, దాన్ని లాగుతున్నది బల్ల వాలు.