వైజాగ్ నుంచి అండమాన్‌కు ఓడలో: 660 మైళ్లంటే ఎన్ని కిలోమీటర్లు?

వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) ఓడలో వెళ్లాలనుకునేవాళ్లు ముందు దూరం సరిగ్గా లెక్కేసుకోవాలి. బంక్ తీసుకోవాలా, క్యాబిన్ తీసుకోవాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

సముద్రం మీద ఈ దూరం సుమారు 660 మైళ్లు. ఇవి నాటికల్ మైళ్లు. రోడ్డు మైలు 1.609 కిలోమీటర్లయితే, నాటికల్ మైలు సరిగ్గా 1.852 కిలోమీటర్లు. రోడ్డు మైలు లెక్కన గుణిస్తే 1062 కిలోమీటర్లే వస్తాయి. అసలు దూరం 1222. అంటే 160 కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంది. గంటకు 22 కిలోమీటర్లు వెళ్లే ఓడకు అది ఏడు గంటల ప్రయాణం.

కాలిక్యులేటర్ లేకుండా చేయాలంటే అంకెను రెట్టింపు చేసి, వచ్చినదాంట్లో నూటికి ఏడున్నర చొప్పున తీసేయండి. 660కి రెట్టింపు 1320, అందులోంచి 99 తీస్తే 1221. ప్రయాణికులకు ఈ లెక్క చాలు.

టైమ్ కోసమైతే కిలోమీటర్లలోకి మార్చే పనే లేదు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. మా ఓడ దాదాపు 12 నాట్స్‌లో, అంటే గంటకు 22 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. 660ని 12తో భాగిస్తే 55 గంటలు. గాలి, కెరటాలు ఎదురైనా, హార్బర్ బయట ఆగాల్సి వచ్చినా ఇంకా పెరుగుతుంది. అందుకే దిగిన రోజే తిరుగు విమానం బుక్ చేసుకోవద్దు.

డెక్ మీద నిలబడితే సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. కింద బంకుల్లో ఇనుప గోడల మధ్య అందదు. అది చూపించే అక్షాంశంలో ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, తేడా వస్తే ఉత్తర దక్షిణాలుగా ఒక నాటికల్ మైలు జరిగినట్టు. 17°41' ఉన్నది 16°41' అయితే దక్షిణానికి 60 మైళ్లు, అంటే 111 కిలోమీటర్లు వచ్చేశామన్నమాట. రేఖాంశానికి ఈ లెక్క పనికిరాదు, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దాని నిమిషం కుదించుకుపోతుంది. మన ఓడ ఆగ్నేయంగా వెళ్తుంది కాబట్టి అసలు తిరిగిన దూరం ఆ 60 కంటే చాలా ఎక్కువే.

ఇక బస సంగతి. 55 గంటలంటే కనీసం రెండు రాత్రులు ఓడలోనే. బంక్ చవక, కుర్రాళ్లకు పర్లేదు. కానీ అక్కడ ఉక్కపోత, వాంతుల వాసన రెండో రోజుకి భరించలేం. పెద్దవాళ్లు వెంట ఉంటే క్యాబినే తీసుకోండి, ఆ డబ్బు వృథా కాదు. క్యాంటీన్‌లో అన్నం, పప్పు వేడిగానే పెట్టారు, రుచి మాత్రం అంతంతే. పచ్చడి పట్టుకెళ్లండి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ దీవికి దాదాపు 30 నాటికల్ మైళ్లు, అంటే 55 కిలోమీటర్ల దాకా. ప్రైవేటు బోటు 20 నాట్స్‌లో వెళ్తే గంటన్నరలో దించేస్తుంది. సర్కారీ బోటు 12 నాట్స్‌లో వెళ్లినా రెండున్నర గంటలే. ఒక్క గంట కోసం అంత టికెట్ పెట్టడం నాకైతే అనవసరం అనిపించింది, పైగా సర్కారీ బోటులో డెక్ మీదకు వెళ్లనిస్తారు.